డీజిల్ జనరేటర్‌కు సర్వీసింగ్ పట్టిక రాసిన అనుభవం

మా సంస్థ అపార్ట్‌మెంట్లకూ చిన్న ఆసుపత్రులకూ సరఫరా చేసే 125 కేవీఏ డీజిల్ జనరేటర్ నిర్వహణ మాన్యువల్‌లో, ముందస్తు సర్వీసింగ్ పట్టికను నేను రాశాను. ఇంజిన్ తయారీదారు పుస్తకంలో ఆయిల్ మార్పిడికి 250 గంటలు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని ఉంది. తయారీదారు ఇచ్చిన గడువును మేము పొడిగించడానికి వీల్లేదు కనుక ఆ అంకెలు మారవు. కాని వాటిని ఏ వరుసలో చూపాలన్నది మా చేతిలోనే ఉంది.

కరెంటు పోయినప్పుడు మాత్రమే నడిచే అపార్ట్‌మెంట్ జనరేటర్ నెలకు ఆరు గంటలు తిరుగుతుందనుకుంటే, ఏడాదికి 72 గంటలే అవుతాయి. అవర్ మీటరు ఒక్కటే చూసే కేర్‌టేకర్ లెక్కలో ఆయిల్ మార్చడానికి దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది. కొద్దిసేపే నడిచి ఆగిపోయే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి, ఆ కాలమంతా తేమా, మండని డీజిలూ ఆయిల్‌లో చేరుతూనే ఉంటాయి. అందుకే పట్టికలో నెలల గడిని ముందు, గంటల గడిని తరువాత పెట్టాను. ఆయిల్ మార్చిన తేదీని ప్యానెల్ తలుపు లోపల రాయాలని కూడా చేర్చాను.

ఎక్కువ చర్చ జరిగింది నెలవారీ పరీక్ష మీద. లోడు లేకుండా పది నిమిషాలు నడిపితే చాలునన్నది చాలామందికున్న అలవాటు. అలా నడిపితే మండని ఇంధనం ఎగ్జాస్ట్‌లో పేరుకుని, పైపు అతుకుల దగ్గర నల్లటి జిడ్డుగా కారుతుంది. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 110 నెలకోసారి కనీసం 30 శాతం లోడుతో 30 నిమిషాలు నడపడాన్ని ఒక పద్ధతిగా చెబుతుంది. మేము దాన్నే తీసుకున్నాం. అయితే కేర్‌టేకర్‌కు శాతాలతో పనిలేదు. 0.8 పవర్ ఫ్యాక్టర్ వద్ద ఈ జనరేటర్ సామర్థ్యం 100 కిలోవాట్లు, అందులో 30 శాతమంటే 30 కిలోవాట్లు, 415 వోల్టుల వద్ద ఒక్కో ఫేజులో సుమారు 52 ఆంపియర్లు. పట్టికలో ఆ ఆంపియర్లనే రాసి, లిఫ్టులూ నీటి మోటార్లూ నడుస్తున్న వేళ పరీక్షించమన్నాను.

ఎయిర్ ఫిల్టర్‌కు మాత్రం గడువును బట్టి తెరిచి చూసే పని పెట్టలేదు. తెరిచిన ప్రతిసారీ దుమ్ము లోపలికి పోయే అవకాశం ఉంటుంది కాబట్టి, ఇండికేటర్ ఎరుపు చూపినప్పుడు గాని, తయారీదారు చెప్పిన గరిష్ఠ గడువు ముగిసినప్పుడు గాని మార్చాలని రాశాను.

ఇక పనుల వరుస. కరెంటు పోగానే ఆటోమేటిక్ ప్యానెల్ ఇంజిన్‌ను దానంతటదే స్టార్ట్ చేస్తుంది, అప్పుడు ఫ్యాన్ బెల్టు దగ్గర మనిషి చేయి ఉండవచ్చు. కాబట్టి సర్వీసింగ్ కోసం ఇంజిన్ ఆపిన వెంటనే మొదటి వరుసలో ప్యానెల్‌ను ఆఫ్‌లో పెట్టడం, బ్యాటరీ చార్జర్ ఆపడం, ఆపై బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం వస్తాయి. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే బాగా కారుతుంది, రేడియేటర్ మూతను మాత్రం ఇంజిన్ చల్లారాకే తీయాలి. అందుకని తరువాతి వరుసల్లో ఆయిల్ పని ముందు, కూలెంట్ పని చివర వచ్చాయి.