రెండో అంతస్తు, ముప్పై ఆరు మెట్లు

ఆదివారం, బరంపురం

మేముంటున్న అపార్ట్‌మెంట్‌లోనే రెండో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు అద్దె ప్రకటన రాద్దామని ఉదయం కాఫీ తాగి కూర్చున్నాను. ముగించేసరికి మధ్యాహ్నమైంది. నిరుడు రాసినది రెండు ముక్కలే: "విశాలమైన రెండు పడకగదుల ఇల్లు, నీటికి కొదువ లేదు, అద్దె 9,000." ఆ మాట నమ్మి చేరిన కుటుంబం మే నెలలో నీళ్ల కోసం నానా అవస్థా పడి, నాలుగో నెలాఖరుకు ఖాళీ చేసింది. తరువాత రెండు నెలలు తాళమే, ఆపైన రంగులకు 7,000. లెక్క చూస్తే ఆ ఆరు నెలలకూ చేతిలో మిగిలింది 29,000. నెలకు ఐదు వేలైనా పడలేదు. అంతకంటే, తాళాలు ఇస్తూ ఆ ఇల్లాలు "ముందే చెప్పి ఉంటే వచ్చేవాళ్లమే కాదండీ" అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

అందుకే ఈసారి ముందు టేపు పట్టుకుని పైకి వెళ్లాను. కాగితాల్లో 600 చదరపు అడుగులని ఉంది గాని, అందులో గోడల మందం, బాల్కనీ, మెట్లలో వాటా అన్నీ కలిసి ఉన్నాయి. హాలు 14 అడుగులకు 10, గదులు 11కు 10, 10కి 9, వంటగది 8కి 7, స్నానాలగది 6కు 4. అన్నీ కలిపితే సామాను పెట్టుకోవడానికి, మనిషి తిరగడానికి ఉన్న చోటు 420 అడుగులే. ఆ అంకెనే రాశాను. మంచం పడుతుందా లేదా అన్నది వచ్చేవారికి దానివల్లే తెలుస్తుంది.

నీళ్ల సంగతి రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. "వేసవిలో కొంచెం ఇబ్బంది" అని రాస్తే కొందరు భయపడతారు, కొందరు పట్టించుకోరు. ఇద్దరికీ దానివల్ల ఉపయోగం లేదు. ఏ నెలల్లో, ఏ వేళల్లో, ఎంతసేపు అన్నది చెబితే, తమ ఇంటి పనులు ఆ వేళలకు కుదురుతాయో లేదో ఎవరికి వారే చూసుకోగలరు.

పడమటి గోడ సంగతి కూడా దాచలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను కొట్టినప్పుడు పడిన సన్నని బీట అది. రెండుసార్లు ప్లాస్టరింగు చేయించినా, గాలితో కూడిన వాన రెండు రోజులు పట్టిందంటే లోపల చెమ్మ కనిపిస్తుంది.

ఎవరు కావాలి అన్నచోట నేను "చిన్న కుటుంబం మాత్రమే" అని రాస్తే, మా ఆవిడ చదివి, "ఏమండీ, చిన్న కుటుంబమే ఎందుకని అడిగితే ఏం చెబుతారు?" అంది. నిజమైన కారణం నీళ్లు. నలుగురికి మించితే చాలవు. కారణమే రాస్తే, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండదలచిన నర్సులూ అడగగలరు. రాత్రి పది గంటలకు గేటు మూసేస్తామన్న నియమం మార్పించినదీ తనే. వైద్య కళాశాల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేవారికి అలాంటి నియమం పెట్టి ప్రయోజనమేముంది? చివరికి కుదిరిన పాఠం ఇది:

"రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు, గోడల మధ్య 420 చదరపు అడుగులు. లిఫ్టు లేదు, మెట్లు 36. మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. ఏప్రిల్ మధ్య నుంచి వానలు పడేదాకా నీళ్లు ఉదయం 6 నుంచి 7 వరకు, సాయంత్రం 6 నుంచి 6.30 వరకు మాత్రమే వస్తాయి. 200 లీటర్ల డ్రమ్ములు రెండు ఇంట్లో ఉన్నాయి. పెద్ద గదిలో పడమటి ఎండ పడుతుంది. వానల్లో ఆ గోడకు చెమ్మ వస్తుంది, బీరువా ఆరంగుళాలు ఎడంగా పెట్టుకోవాలి. అద్దె 8,000, నిర్వహణకు 600, కరెంటు బిల్లు మీ మీటరు ప్రకారం. అడ్వాన్సు 16,000, ఖాళీ చేసిన పదిహేను రోజుల్లో, ఏమైనా పట్టుకుంటే రసీదులు చూపి, మిగతాది తిరిగి ఇస్తాము. ఒప్పందం 11 నెలలు. వెళ్లదలిస్తే ఒక నెల ముందు చెప్పాలి. నలుగురి వరకు ఉండవచ్చు. రాత్రి గేటు తాళంచెవి మీకూ ఒకటి ఇస్తాము. పదిన్నర తరువాత చప్పుడు వద్దు. తెలుగువారైనా, ఒడియావారైనా సరే."

11 నెలలని ఎందుకంటే, ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు వచ్చేవారి మీద పడకూడదని. అద్దె వెయ్యి తగ్గించినందుకు నాకు చింత లేదు, ఏడాదంతా ఒకరే ఉంటే 96,000 వస్తుంది.

మా ఆవిడ పక్కన కూర్చుని ఇదే పాఠాన్ని ఒడియాలో రాసింది. రెండూ గేటు దగ్గర అంటించబోతూ, ఆగి, అడుగున ఇంకొక వాక్యం చేర్చాను: "ఇల్లు చూడటానికి మధ్యాహ్నం మూడు గంటలకు రండి, పెద్ద గదిలో ఎండ ఎంత ఉంటుందో అప్పుడే తెలుస్తుంది."