జబల్‌పూర్ కేసు ఆధారంగా పాజిటివిజం, నేచురల్ లా: జ్యూరిస్‌ప్రుడెన్స్ వ్యాసానికి నేను సిద్ధమైన తీరు

ఎల్‌ఎల్‌బీ, ఎల్‌ఎల్‌ఎం, నెట్ పరీక్షలకు చదువుతున్న మిత్రులకు చట్టం చెల్లుబాటును దాని నైతికతతో ముడిపెట్టని లీగల్ పాజిటివిజం, ముడిపెట్టే నేచురల్ లా మధ్య తేడాను చర్చించమనే ప్రశ్న బాగా పరిచయమే. ఆస్టిన్ నిర్వచనంతో మొదలుపెట్టి, అక్వినాస్ వర్గీకరణ రాసి, హార్ట్, ఫుల్లర్‌ల వాదాన్ని ఒక పేరాలో ముగించే జవాబులు చాలా చూశాను. అటువంటి జవాబులో ఒక్క వాక్యం కూడా తప్పు కాకపోవచ్చు. అయినా ఒకే సమస్యను ఎదురుగా పెట్టినప్పుడు ఈ రెండు సిద్ధాంతాలు ఏ చోట విడిపోతాయో అందులో కనబడదు. అందుకని నా ప్రిపరేషన్‌లో పేర్లన్నీ పక్కన పెట్టి, ఒకే కేసును మొదటి నుంచి చివరి దాకా రెండు సిద్ధాంతాలతోనూ పరీక్షించాను. అది 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ కేసు. రాజ్యాంగ చట్టం పేపర్‌కు ఎలాగూ చదివే ఉంటారు కాబట్టి కొత్తగా కంఠస్థం చేయవలసిన భారం కూడా తక్కువే.

వాస్తవాలు క్లుప్తంగా చెబుతాను. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ ప్రకటించిన తరువాత, జూన్ 27న రాష్ట్రపతి 359వ అధికరణ కింద ఒక ఉత్తర్వు జారీ చేశారు. 14, 21, 22 అధికరణలు ఇచ్చిన హక్కుల అమలు కోసం కోర్టును ఆశ్రయించే హక్కును ఆ ఉత్తర్వు నిలిపివేసింది. విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చిన మీసా చట్టం కింద నిర్బంధంలో ఉన్నవారు, తమను పట్టి ఉంచడం చట్టబద్ధమో కాదో తేల్చమని హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేస్తే, నిర్బంధం ఆ చట్టం ప్రకారమే జరిగిందో లేదో తాము పరిశీలించవచ్చునని పలు హైకోర్టులు తేల్చాయి. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లగా, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ పిటిషన్లకు అర్హతే లేదని తీర్పునిచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు.

ఇందులోని సమస్యను వ్యాసానికి అనువుగా ఇలా కుదించుకోవచ్చు. ఒక వ్యక్తిని మీసా కింద పట్టుకెళ్లారు. ఉత్తర్వులో ఉన్న పేరు తనది కాదని, అదే పేరున్న మరొకరిదని అతను అంటున్నాడు. అంటే, తనను నిర్బంధించడానికి మీసా ప్రకారం కూడా ఆధారం లేదన్నది అతని వాదన. కోర్టు ఆ మాట వినవచ్చునా? ఇక్కడ పెన్ను పట్టుకునే ముందు మూడు ప్రశ్నలను విడదీయాలి. రాష్ట్రపతి ఉత్తర్వు చట్టమేనా అన్నది మొదటిది. అది న్యాయమైనదా అన్నది రెండవది. దాన్ని ఎదురుగా పెట్టుకున్న న్యాయమూర్తి ఏం చేయాలి అన్నది మూడవది. పాజిటివిస్టు ఈ మూడింటికీ వేరువేరుగా జవాబు చెబుతాడు. నేచురల్ లా పక్షం వారు రెండవ ప్రశ్నకు జవాబు తేలకుండా మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు ఉండదంటారు. మిగిలిన చర్చ అంతా ఈ ఒక్క భేదం నుంచే పుడుతుంది.

మొదటి ప్రశ్నను పాజిటివిస్టు ఎలా పరిష్కరిస్తాడో చూడండి. చట్టం ఉండటం వేరు, దాని మంచిచెడ్డలు వేరు అన్నది 1832లో ఆస్టిన్ చెప్పిన మాట. హార్ట్ దీన్నే మరింత మెరుగైన పరీక్షగా మార్చాడు. ఒక సమాజంలోని అధికారులు చట్టాన్ని గుర్తించడానికి వాడుతున్న మూల నియమం ఏదో చూసి, ఆ నియమానికి ఇది సరిపోతున్నదా అని అడగమన్నాడు. మన దేశంలో ఆ వెదుకులాట రాజ్యాంగం దగ్గరకు చేరుతుంది. 359వ అధికరణ రాష్ట్రపతికి అధికారం ఇచ్చింది, ఆ అధికారంతోనే ఉత్తర్వు వచ్చింది, కనుక ఉత్తర్వు చెల్లుతుంది. మెజారిటీలో ఉన్న జస్టిస్ భగవతి రాసిన మాటల సారాంశం వ్యాసంలో తప్పక వాడుకోదగినది. వ్యక్తిగత స్వేచ్ఛ అంటే తనకు ఎంతో ఇష్టమని, అయితే ఆ ఇష్టం కొద్దీ రాజ్యాంగ పాఠం మోయలేని అర్థాన్ని దానికి అంటగట్టడం సరికాదని ఆయన అన్నారు. మొదటి ప్రశ్నకూ రెండవ ప్రశ్నకూ మధ్య గీత గీయడం అంటే ఏమిటో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన న్యాయస్థానాల్లో నాకు కనబడలేదు.

నేచురల్ లా పక్షాన్ని వివరించడానికి అదే కేసులో మరొక ఆణిముత్యం ఉంది. మీసాలో 1975 సవరణలతో చేర్చిన 18వ సెక్షన్, నిర్బంధితుడికి నేచురల్ లా వల్ల గానీ కామన్ లా వల్ల గానీ వ్యక్తిగత స్వేచ్ఛా హక్కు ఉండదని ప్రకటించింది. సిద్ధాంత గ్రంథాల్లో మాత్రమే కనబడే నేచురల్ లా పేరు ఒక చట్టం పాఠంలోకే వచ్చి చేరిందన్నమాట. ఇప్పుడు అక్వినాస్‌ను అడగండి. మనిషి చేసిన చట్టానికి అధికారం వచ్చేదే హేతువుతో తెలిసే ఉన్నత నియమం నుంచి అయితే, కింది నియమం పై నియమాన్ని రద్దు చేయడం సాధ్యం కాదు కాబట్టి, ఆ సెక్షన్ ప్రాకృతిక హక్కును తాకనైనా తాకలేదని ఆయన వాదం చెబుతుంది. పాజిటివిస్టు కూడా ఆ సెక్షన్ దేనినీ రద్దు చేయలేదనే అంటాడు, కానీ కారణం వేరు. చట్ట వ్యవస్థ గుర్తించని నేచురల్ లా హక్కు న్యాయస్థానంలో అంతకు ముందు కూడా లేదు కాబట్టి, రద్దు చేయడానికి ఏమీ లేదంటాడు. ఇద్దరూ ఒకే ముగింపుకు వచ్చినా దారులు పూర్తిగా వ్యతిరేకం. ఈ ఒక్క పేరా సరిగ్గా రాస్తే మీకు విషయం అర్థమైందని పరీక్షకులకు తెలిసిపోతుంది.

ఇక ఎక్కువ మంది తడబడే చోటికి వద్దాం. మెజారిటీ పాజిటివిజం, ఖన్నా నేచురల్ లా అని రెండు ముక్కల్లో తేల్చేయడం గైడ్లలో తరచూ కనబడుతుంది. ఖన్నా తీర్పును చదివితే అది నిలవదు. న్యాయ ప్రక్రియ లేకుండా ప్రాణాన్ని, స్వేచ్ఛను హరించకూడదన్న సూత్రం రాజ్యాంగం ఇచ్చిన కానుక కాదని ఆయన అన్న మాట నిజమే. కానీ దాన్ని నిలబెట్టడానికి ఆయన వెళ్లింది గత తీర్పుల దగ్గరకు. రాజ్యాంగానికి ముందే, 1931లో ఎషుగ్‌బాయి ఎలెకో కేసులో, ఒకరి స్వేచ్ఛలో జోక్యం చేసుకునే అధికారి దాని చట్టబద్ధతను కోర్టు ముందు నిరూపించుకోవలసిందేనని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. 21వ అధికరణ అమలు ఆగినా ఈ పాత నియమం ఆగదన్నది ఖన్నా తర్కం. ఇవన్నీ పాజిటివిస్టు కూడా అంగీకరించే ఆధారాలే.

ఇక్కడే మఖన్ సింగ్ కేసును చేర్చాలి. 1962 ఎమర్జెన్సీ కాలపు రాష్ట్రపతి ఉత్తర్వు, భారత రక్షణ ఆర్డినెన్సు కింద హక్కు కోల్పోయిన వారికే వర్తిస్తుందని షరతు పెట్టింది. కనుక నిర్బంధం ఆ చట్టానికే విరుద్ధమని వాదించేవారికి తలుపు తెరిచే ఉందని సుప్రీంకోర్టు అప్పట్లో చెప్పింది. 1975 ఉత్తర్వులో ఆ షరతు లేదు. మెజారిటీ ఆ తేడాను పట్టుకుంది. షరతు లేకపోయినంత మాత్రాన చట్టాన్ని ఉల్లంఘించే అధికారం కార్యనిర్వాహక వర్గానికి రాదని ఖన్నా అన్నారు. అంటే వీరి తగాదాలో పెద్ద భాగం ఉత్తర్వు ఎంతవరకు వర్తిస్తుందన్న వ్యాఖ్యానం మీదే జరిగింది. నైతికత చట్టంలో భాగమా అన్నది అందులో ఒక పాయ మాత్రమే. పాజిటివిస్టుగా ఉంటూనే ఖన్నాతో ఏకీభవించవచ్చునన్న సంగతి వ్యాసంలో రాస్తే, పాజిటివిజం అంటే ప్రభుత్వానికి తలవంచడమనే అపోహకు మీరు దూరంగా ఉన్నట్టు తెలుస్తుంది. చట్టం అని ఒప్పుకోవడం వేరు, పాటించవలసిందే అనడం వేరు. నాజీ చట్టాలను వాడుకుని ఇతరులను పట్టించినవారిపై నడిచిన ఇన్‌ఫార్మర్ కేసుల గురించి 1958లో హార్ట్ చెప్పింది కూడా ఇదే: అటువంటిది చట్టమే, కానీ పాటించలేనంత దుర్మార్గమైనదని బాహాటంగా చెప్పడమే నిజాయితీ అన్నాడు. భరించలేనంత అన్యాయమైతే అది చట్టమే కాదన్నది 1946లో జర్మన్ న్యాయవేత్త రాడ్‌బ్రుక్ పక్షం.

ఫుల్లర్‌ను కూడా ఇదే కేసులోకి తెచ్చుకోవాలి, ఎందుకంటే ఆయన వాదం ఉన్నత నియమం గురించి కాదు, చట్టం పనిచేసే తీరు గురించి. నియమాలు బహిరంగంగా ఉండాలి, అర్థమయ్యేలా ఉండాలి, అధికారుల చర్య ప్రకటించిన నియమానికి అనుగుణంగా ఉండాలి అంటూ ఆయన ఎనిమిది షరతులు చెప్పాడు. ఎనిమిదీ వరుసగా రాసి సమయం పోగొట్టుకోవద్దు. చివరిదాన్ని తీసుకుని మన నిర్బంధితుడికి అన్వయించండి. మీసాలోని 16ఏ(9) నిర్బంధానికి గల కారణాలను రహస్యంగా ప్రకటించింది. దానికి తోడు కోర్టు తలుపు కూడా మూసుకుంటే, ఉత్తర్వు ఒకరి పేరున ఉండి మరొకరు జైల్లో ఉన్నా ఆ పొరపాటు ఎవరికీ కనబడదు. నియమం పుస్తకంలో ఉంటుంది, చర్య దానికి సంబంధం లేకుండా సాగుతుంది. వాదనల సమయంలో ఖన్నా, వ్యక్తిగత కక్షతో ఒక పోలీసు అధికారి ఒకరిని చంపితే కోర్టు ద్వారా న్యాయం పొందే మార్గం ఏమిటని అటార్నీ జనరల్ నిరేన్ డేను అడిగారు. ప్రభుత్వ వాదం ప్రకారం ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఏదీ లేదన్న జవాబు వచ్చింది. ఫుల్లర్ భాషలో, అక్కడ మిగిలినది చెడ్డ చట్టం కూడా కాదు; చట్టం అనదగిన వ్యవస్థే ఆ మేరకు లేకుండా పోయింది. నా మటుకు ఈ కేసును బాగా వివరించే సిద్ధాంతం ఫుల్లర్‌దే అనిపిస్తుంది, వ్యాసంలో నా పక్షం అదేనని రాసేవాడిని.

తరువాతి చరిత్రలో ఒక్కో సిద్ధాంతం తన మందు తాను వేసింది. 1978లో 44వ సవరణ 359వ అధికరణను మార్చి, 20, 21 అధికరణల అమలును ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయరాదని రాసింది. నియమం చెడ్డదైతే నియమాన్నే మార్చమనే పాజిటివిస్టు మార్గం ఇది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జబల్‌పూర్ తీర్పు తప్పని తేల్చి, ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం సృష్టించినవి కావని, మనిషిలో ఉన్నవాటిని రాజ్యాంగం గుర్తించిందని చెప్పింది. ఆ స్వరం మనకు కొత్తది కాదు. ప్రాథమిక హక్కులు అనేవి సహజ హక్కులకు నేటి పేరని 1967లోనే గోలక్‌నాథ్ కేసులో మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాశారు.

చివరి పేరాకు నేను సిద్ధం చేసుకున్న ప్రశ్న ఇది: రేపు పార్లమెంటు 44వ సవరణలోని ఆ రక్షణను తొలగిస్తే నిర్బంధితుడికి ఏం మిగులుతుంది? నేచురల్ లా పక్షం వారు పుట్టస్వామిని చూపి, గుర్తింపు పోయినా హక్కు పోదంటారు. ఆస్టిన్ శిష్యుడికి కొత్త పాఠమే చట్టం. హార్ట్‌ను అనుసరించేవారి జవాబు ఈ రెండింటికీ భిన్నంగా ఉంటుంది. 1973 నాటి కేశవానంద భారతి తరువాత, సవరణ రాజ్యాంగపు మూల లక్షణాలను దెబ్బతీయరాదనే మౌలిక స్వరూప పరీక్షను మన కోర్టులు చట్టాన్ని గుర్తించే నియమంలో భాగంగా వాడుతున్నాయి కనుక, ఆ తొలగింపు చెల్లకపోవచ్చునని వారు అంటారు. అయితే అది అన్యాయం కాబట్టి చెల్లదని మాత్రం అనరు. అటువంటి విలువల పరీక్షను మన అధికారులు ఆచరణలో అంగీకరించారు కాబట్టి చెల్లదంటారు.