ఐఎస్ఎస్ రెండో అటెంప్ట్: లైక్లీహుడ్ రేషియో టెస్ట్‌లో నేను ఎక్కడ తప్పాను

నిన్న ఐఎస్ఎస్, అంటే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష ఫైనల్ లిస్టు వచ్చింది. అందులో నా నంబరు ఉంది. అమ్మకి ఫోన్ చేస్తే రెండు నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం.

పొద్దున్నుంచి ఏ పుస్తకాలు చదివావు, రోజుకి ఎన్ని గంటలు చదివావు అని అడుగుతున్నారు. ఆ పుస్తకాలు మీ దగ్గరా ఉంటాయి, గంటలు ఎవరి వీలు వాళ్లది. అందుకే నేను ఒక్క టాపిక్ గురించే రాస్తున్నాను. మొదటి అటెంప్ట్‌లో స్టాటిస్టిక్స్-II పేపర్‌లో నేను పూర్తి నమ్మకంతో తప్పు పెట్టి, మైనస్ మార్కులు తెచ్చుకున్న టాపిక్ ఇది. రెండో అటెంప్ట్‌లో ఇన్‌ఫరెన్స్ మొత్తం నాకు దీని దగ్గర నుంచే అర్థమైంది.

ప్రశ్నలో అంకెలు ఇవే కావు, తరహా మాత్రం ఇదే. మూడు కూడళ్లలో ఏడాదికి ప్రమాదాలు 20, 30, 40. ఒక్కోటి పాయిసాన్ అనుకోండి. మూడు కూడళ్ల సగటూ ఒకటేనా? H0 లో λ1 = λ2 = λ3. H1 లో మూడూ వేర్వేరుగా ఉండొచ్చు. H1 లోని λలన్నిటినీ సమానం చేస్తే H0 వస్తుంది కాబట్టి చిన్న మోడల్ పెద్ద మోడల్ కడుపులోనే ఉంది. నెస్టెడ్ అంటే ఇదే.

ఇప్పుడు లెక్క. పెద్ద మోడల్‌లో అంచనాలు 20, 30, 40. చిన్న మోడల్‌లో మూడింటికీ 30. పాయిసాన్ లాగ్-లైక్లీహుడ్‌లో x log λ − λ ఉంటుంది కదా, λల మొత్తం రెండు మోడళ్లలోనూ 90 కాబట్టి ఆ భాగం కొట్టేసుకుపోతుంది. x! పదాలు కూడా పోతాయి. మిగిలేది ఇంతే:

```
l1 - l0 = 20 log(20/30) + 30 log(30/30) + 40 log(40/30)
        = -8.109 + 0 + 11.507 = 3.398
W = 2 (l1 - l0) = 6.796
```

ఇక్కడిదాకా నేను పరీక్షలో సరిగ్గానే చేశాను. రెండుతో గుణించడం కూడా మరిచిపోలేదు. తర్వాత పెద్ద మోడల్‌లో మూడు పారామీటర్లు ఉన్నాయి కదా అని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3 అనుకున్నాను. కై-స్క్వేర్ పట్టికలో 5 శాతం దగ్గర 3 కి హద్దు 7.815. మన 6.796 అంతకన్నా తక్కువ. సగటులు ఒకటే అన్న H0 ని తిరస్కరించలేమని పెట్టేశాను. అసలు తీసుకోవాల్సింది 2. దానికి హద్దు 5.991. 6.796 దాన్ని దాటింది, అంటే H0 ని తిరస్కరించాలి. లెక్కంతా సరిగ్గా చేసి, టేబుల్‌లో ఒక్క వరుస కిందికి వెళ్లినందుకు జవాబు తిరగబడిపోయింది.

దీన్ని తొందరపాటు అని నేను ఒప్పుకోను. ఆ ఏడాది నేను తక్కువేమీ చదవలేదు. మూడు పారామీటర్లు ఉన్న మోడల్‌కి మూడు అని మనసులో గట్టిగా నాటుకుపోయింది, అంతే. అశోక్ నగర్‌లో మా రూమ్‌లో ఉండే సీనియర్ అన్న నా పేపర్ చూసి అడిగిన ఒక్క మాటతో అది వదిలింది.

"మూడు తాళ్లని కలిపి ఒకటిగా కట్టాలంటే ఎన్ని ముడులు వేస్తావురా?"

"రెండన్నా."

"మరి మూడు అని ఎందుకు రాశావు? నువ్వు లెక్కపెట్టాల్సింది తాళ్లని కాదు, ముడులని."

λ1 = λ2 ఒక ముడి, λ2 = λ3 రెండో ముడి. పెద్ద మోడల్‌లో పారామీటర్లు 3, చిన్నదాంట్లో 1, తేడా 2. విల్క్స్ 1938లో నిరూపించిన ఫలితం చెప్పేది ఇదే: శాంపిల్ పెద్దదై, H0 నిజమైతే W పంపిణీ కై-స్క్వేర్‌కి దగ్గరవుతుంది, దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఈ తేడా. ఎందుకంటే లాగ్-లైక్లీహుడ్ తన శిఖరం దగ్గర బోర్లించిన గిన్నెలా ఉంటుంది. మనం ముడి వేసిన ప్రతి దిశలోనూ శిఖరం నుంచి కొంచెం కిందికి దిగాలి. ఆ దిగిన ఎత్తుకి రెట్టింపు, ఒక్కో దిశకీ ఒక స్టాండర్డ్ నార్మల్ వర్గంలా ప్రవర్తిస్తుంది. రెండు దిశలు, రెండు వర్గాలు. ఆ రెండుతో గుణించడం కూడా ఇక్కడి నుంచే వచ్చింది, నార్మల్ ఘాతంలో ఉండే అర పోవడానికి.

జవాబు సరిచూసుకోవడానికి ఇందులోనే దారులున్నాయి. W ఎప్పుడూ నెగెటివ్ రాదు, ఎందుకంటే చిన్న మోడల్ ఎక్కగలిగిన ప్రతి చోటుకీ పెద్దదీ ఎక్కగలదు. నెగెటివ్ వచ్చిందంటే లెక్క తప్పింది, లేదా ఒక మోడల్‌లో వదిలేసిన స్థిరపదాన్ని రెండోదాంట్లో ఉంచేశారు, లేదా అవి అసలు నెస్టెడ్ కావు. వైబుల్‌లో షేప్ 1 అయితే ఎక్స్‌పొనెన్షియల్ వస్తుంది, అది నెస్టెడ్. వైబుల్‌కీ లాగ్-నార్మల్‌కీ అలాంటి చుట్టరికం లేదు, వాటి మధ్య ఈ కై-స్క్వేర్ పట్టిక తెరవకూడదు. పాయిసాన్ లెక్కకి ఇంకో తోడు కూడా ఉంది. పియర్సన్ కై-స్క్వేర్ వేస్తే 200/30, అంటే 6.667 వస్తుంది, 6.796కి పక్కనే. రెండూ చాలా దూరంగా ఉంటే మళ్లీ చూసుకోండి.

ఇంత చదివాక నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు అన్న యూనిఫాం (0, θ) ఇచ్చాడు. H0: θ = 1, n = 10, గరిష్ఠ విలువ 0.78. లైక్లీహుడ్ రేషియో 0.78 పదో ఘాతం, అంటే 0.0834. దాన్నుంచి W = 4.97. పారామీటర్ల తేడా 1, హద్దు 3.841, కాబట్టి తిరస్కరించాలి అన్నాను. అన్న ఏమీ అనకుండా ఆ 0.0834 కింద గీత గీశాడు.

పది విలువలూ 0.78 లోపే ఉండే సంభావ్యత కూడా సరిగ్గా అదే 0.0834. అంటే p-విలువ 8.3 శాతం, 5 శాతం దగ్గర తిరస్కరించలేం. ఇక్కడ H0 కింద రేషియోయే (0, 1) మీద యూనిఫాం అవుతుంది. యూనిఫాం లాగ్‌ని −2 తో గుణిస్తే వచ్చేది కై-స్క్వేర్ 2, 1 కాదు. పైగా అది ఉజ్జాయింపు కాదు, ప్రతి n కీ కచ్చితం. హద్దు 5.991. కారణం బొమ్మ గీస్తే తెలుస్తుంది: ఇక్కడ లైక్లీహుడ్‌కి గుండ్రని శిఖరం లేదు, గరిష్ఠ విలువ దగ్గర నిట్టనిలువు కొండ అంచు ఉంది. గిన్నె లేని చోట విల్క్స్ వాదన నడవదు. సపోర్ట్ పారామీటర్ మీద ఆధారపడితే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

మిగతా సిలబస్ అందరిలాగే చదివాను, ప్రత్యేకంగా చెప్పేది లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ప్రతి ప్రశ్నలో W లెక్కకి ముందే రెండు మోడళ్ల పారామీటర్లు పక్కపక్కన రాయండి, ఎంత సులువుగా కనిపించినా సరే. బద్ధకించినవాళ్లు నాలాగే ఏడాది పోగొట్టుకుంటారు. ఈసారి పరీక్షలో రఫ్ పేజీ పైన నేను ముందుగా రాసుకున్నది "పెద్ద 3, చిన్న 1, ముడులు 2". ఆ పక్కనే చిన్న కొండ అంచు బొమ్మ గీశాను.