మూడు స్పెల్లింగుల పద్మావతి

మాది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా మాట్లాడడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పదో తరగతి ఒడిశా బోర్డులో చదివాను, మూడున్నరేళ్ల జీఎన్ఎం నర్సింగ్ కోర్సు సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లాలో పూర్తి చేశాను, ఆ తరువాత బరంపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏడేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఇంగ్లండులో వార్డు నర్సుగా ఉన్నాను. మా ప్రాంతం నుంచి బ్రిటన్‌కు రావాలనుకునే నర్సులు నన్ను తరచుగా అడిగేది పరీక్షల గురించే. పరీక్షలకంటే ఎక్కువగా, ఏడు నెలలపాటు నన్ను ఆపేసినది మాత్రం నా పేరు.

మా వైపు వాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. భారతదేశంలోని నాలుగు రాష్ట్రాల నుంచి నర్సులను ఏజెన్సీల ద్వారా వెతికి తీసుకుపోకూడదని బ్రిటన్ నియామక నియమావళిలో చాలాకాలం ఒక నిషేధం ఉండేది. ఆ నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ ఉన్నాయి. సొంతంగా దరఖాస్తు చేసుకోవడానికి అడ్డు లేకపోయినా, కేరళ అమ్మాయిలకు ఇంటి ముంగిటికి వచ్చిన ఇంటర్వ్యూలు మాకు రాకపోవడానికి అదొక కారణం. 2021 ఫిబ్రవరిలో నియమావళిని మార్చినప్పుడు ఆ నిషేధం పోయింది. నేను ఆ ఏడాదే మొదలుపెట్టాను.

బ్రిటన్‌లో నర్సుగా పనిచేయాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండాలి. దాన్ని అందరూ ఎన్ఎంసీ అంటారు. దారి మొత్తం ఇలా సాగుతుంది: ఇంగ్లిషు పరీక్ష, మన చదువుదీ రిజిస్ట్రేషన్లదీ పరిశీలన, కంప్యూటరు మీద రాసే సీబీటీ, ఉద్యోగంతో, వీసాతో ఇంగ్లండు చేరిన తరువాత చేతులతో చేసి చూపించే ఆస్కీ, చివరికి రిజిస్టరులో మన గుర్తింపు సంఖ్య అయిన పిన్ నంబరు. ఇంగ్లిషుకు నేను వైద్యరంగంవాళ్ల కోసం పెట్టే ఓఈటీ రాశాను. వినడం, చదవడం, మాట్లాడడంలో బీ గ్రేడు, రాయడంలో సీ ప్లస్ వస్తే చాలు. రోగిని మరో చోటికి పంపుతూ ఉత్తరం రాయడమే అందులోని రాత పరీక్ష కాబట్టి, వార్డులో పనిచేసినవారికి ఐఈఎల్‌టీఎస్‌కంటే అదే నయమని నా అభిప్రాయం.

అసలు చిక్కు పరిశీలనలో వచ్చింది. ఎన్ఎంసీ మన చేతి నుంచి వచ్చే ధృవీకరణను ఒప్పుకోదు. మనల్ని నమోదు చేసుకున్న రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఫలానా వ్యక్తి మా రిజిస్టరులో ఉంది, ఆమె మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవు అని నేరుగా ఎన్ఎంసీకి తెలియజేయాలి. సీలు వేసిన కాగితం మనకే ఇచ్చి పంపుకోమన్నా అది చెల్లదు. నాకు రెండు రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. చదువు ముగిసిన 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, ఉద్యోగం కోసం ఒడిశాలో మరొకటి. మొదటిదాన్ని నేను పునరుద్ధరించుకోలేదు, దాని గడువు తీరిపోయింది. అది నా నిర్లక్ష్యమే. పైగా 2014లో రాష్ట్రం విడిపోవడంతో నా పాత రికార్డు కోసం ఎక్కడ అడగాలో తెలుసుకోవడానికే కొన్ని వారాలు తిరగవలసి వచ్చింది.

రెండు కౌన్సిళ్లూ ఉత్తరాలు పంపిన తరువాత, ఆ రెండు ఉత్తరాలూ ఒకే మనిషివని నిరూపించమని ఎన్ఎంసీ అడిగింది. ఎందుకంటే బడిలో చేర్చుకున్నప్పుడు నా పేరు ఒడియా ఉచ్చారణ ప్రకారం పద్మబతి అయింది. ఒడియాలో మన 'వ' చాలా చోట్ల 'బ'గా పలుకుతుంది, ఇంగ్లిషులో రాసేటప్పుడు కూడా వీ అక్షరం బదులు బీ వేస్తారు. శ్రీకాకుళంలో నర్సింగ్ బడి గుమస్తా దాన్ని చూసి, ఇదేమిటమ్మా అని, తెలుగువాళ్లు రాసే పద్ధతిలో వీ పెట్టి, చివరి 'తి'కి టీ పక్కన హెచ్ కూడా చేర్చాడు. పాస్‌పోర్టులో వీ ఉంది, హెచ్ లేదు. నాన్నగారి పేరు కూడా ఒక చోట వెంకటరావు, మరో చోట బెంకట రావు. ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో పూర్తిగా ముందుంది, మరో దానిలో పొడి అక్షరంగా చివర ఉంది. మా ఊళ్లో ఇది ఎవరికీ తప్పుగా కనబడదు, ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బీరువా ఒకటి ఉంటుంది. లండన్‌లో ఫైలు చూస్తున్న ఉద్యోగికి మాత్రం అక్కడ ముగ్గురు స్త్రీలు కనబడతారు.

నేను చేసిన పని ఇది. నోటరీ ముందు ఒక అఫిడవిట్ రాయించి, ఏ సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగు ఉన్నదో సంఖ్యతో, తేదీతో సహా వరుసగా చేర్పించాను. ఇవన్నీ నేనే అని ఒక్క మాటలో రాసిన అఫిడవిట్‌తో పని జరగదని మొదటిసారి తిరస్కరించినప్పుడు తెలిసింది. తరువాత పత్రికా ప్రకటన, గెజెట్ ప్రచురణ జరిపించి, వాటి ఆధారంగా రెండు కౌన్సిళ్ల రిజిస్టర్లలోనూ పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్పించుకున్నాను. కౌన్సిళ్లు ఉత్తరాలు మళ్లీ పంపాయి. ఓఈటీకి పేరు నమోదు చేసుకునే ముందే ఇదంతా చేసి ఉంటే ఆ ఏడు నెలలు మిగిలేవి. ఇంగ్లిషు పరీక్ష ఫలితానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి, పేరు కోసం తిరుగుతున్నంతసేపూ ఆ గడువు కూడా కరుగుతూనే ఉండేది.

సీబీటీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మొదటి భాగంలో 15 లెక్కలు, 30 నిమిషాలు. రెండో భాగంలో 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఒక లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలు వేస్తుంది, నిమిషానికి ఎన్ని చుక్కలు అన్నట్టుగా లెక్కలుంటాయి. వెయ్యిని 20తో హెచ్చించి 480 నిమిషాలతో భాగిస్తే 41.67 వస్తుంది, అంటే 42 చుక్కలు. బరంపురంలో మేము ఈ పని గడియారం చూస్తూ కంటితోనే చేసేవాళ్లం. పరీక్షలో మాత్రం అంకె సరిగ్గా రావాలి.

ఆస్కీ వేరు. ఇంగ్లండులో ఉద్యోగంలో చేరిన 12 వారాల్లోగా మొదటిసారి దానికి కూర్చోవాలి. పిన్ వచ్చేవరకు మనం నర్సులం కాము. యూనిఫాం రంగు వేరు, జీతం ఒక మెట్టు తక్కువ, మందు ముట్టుకునే హక్కు లేదు. ఏడేళ్లు ఇంజెక్షన్లు ఇచ్చిన చేతులతో దుప్పట్లు సర్దడం కష్టంగానే ఉంటుంది. పరీక్షలో పది స్టేషన్లు. నాలుగింటిలో ఒకే రోగిని పరిశీలించడం, సంరక్షణ ప్రణాళిక రాయడం, మందులివ్వడం, తరువాతి వారికి అప్పగించడం చూస్తారు. నాలుగింటిలో చేతిపనులు, మిగిలిన రెండింటిలో రాతపని. అసలు పరీక్షలో వచ్చిన కేసులను బయటపెట్టకూడదు కాబట్టి, మా ఆసుపత్రి అభ్యాసగదిలో నేను తప్పిన ఒక కేసు చెబుతాను.

ఉదయం 8 గంటల మందులివ్వాలి. చార్టులో బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, నొప్పికి పారాసిటమాల్ ఒక గ్రాము, ఇన్‌ఫెక్షన్‌కు అమోక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు ఉన్నాయి. నేను చేతులు కడుక్కున్నాను, చార్టు చదివాను, "గుడ్ మార్నింగ్" అని మూడు మందులూ కప్పులో వేసి నీళ్లతో సహా అందించాను. నాకు నేర్పుతున్న మలయాళీ అక్క అక్కడే ఆపేసింది. "ఈయన ఎవరు?" అని అడిగింది. "ఏడో బెడ్," అన్నాను.

ఆ మాట నోటి నుంచి వచ్చిన తరువాత గాని అందులో ఉన్న తప్పు నాకు తెలియలేదు. బరంపురంలో నలభై మందికి ఇద్దరం ఉండేవాళ్లం. "ఏడో బెడ్ తాతకు మందిచ్చావా, పదకొండో బెడ్ మామ్మకు డ్రిప్ అయిపోయింది" అనే మాటలతోనే రాత్రి గడిచేది, పక్కనున్న కొడుకో కోడలో రోగి పేరుకు సాక్ష్యం. ఇక్కడ రోగినే పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పమని అడగాలి, చేతికున్న పట్టీతోనూ చార్టుతోనూ పోల్చాలి, ఆ తరువాత ఏ మందు పడదో నోటితో అడగాలి. నేను అలా అడిగి ఉంటే, ఆయనకు పెన్సిలిన్ పడదని పట్టీ మీదే రాసి ఉన్నది చూసి ఉండేదాన్ని. అమోక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందే. చార్టు వెనక్కి తిప్పి ఉంటే పారాసిటమాల్ ఉదయం 6 గంటలకే ఇచ్చినట్టు కనబడేది. రెండు మోతాదులకు మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. ఆ ఉదయం ఆయనకు ఇవ్వవలసింది, అదీ బీపీ చూసుకున్న తరువాత, ఆమ్లోడిపిన్ ఒక్కటే. మిగిలిన రెండు గళ్లనూ ఖాళీగా వదలకూడదు. ఎందుకివ్వలేదో రాసి, సంతకం, సమయం వేసి, అమోక్సిసిలిన్ రాసిన డాక్టరుకు చెప్పాలి.

మనవాళ్లు ఆస్కీలో తప్పేది ఎక్కువగా చేతి నైపుణ్యం లేక కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. మనసులో సరిచూసుకున్నది పరీక్షించేవారికి కనబడదు. అడిగినది వినబడాలి, చూసినది పైకి చెప్పాలి. రాతలో తప్పు దొర్లితే చెరిపేయకుండా ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి. నాకు మొదటిసారి రెండు స్టేషన్లు పోయాయి. ఏడు లేదా అంతకు తక్కువ స్టేషన్లు తప్పితే వాటినే మళ్లీ చేయవచ్చు, ఫీజు సగం. అప్పట్లో పూర్తి ఫీజు 794 పౌండ్లు, సగమంటే 397. ఒక దరఖాస్తు మీద మూడు అవకాశాలే ఉంటాయి. నాకు రెండోసారి సరిపోయింది.

ఆ తరువాత నమోదుకు 153 పౌండ్లు కట్టాను. కొన్ని రోజులకు ఎన్ఎంసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూడగల రిజిస్టరులో నా పేరు కనబడింది, పక్కన పిన్ నంబరు. దాని చివర ఓ అనే అక్షరం ఉంది, విదేశంలో చదివిన నర్సు అని గుర్తు. నాన్నగారికి ఫోనులో ఆ పేజీ ఫొటో పంపితే, ఆయన ముందుగా అడిగినది "బీ వేశారా, వీ వేశారా అమ్మా?" అని.

ఇప్పుడు మా చిన్నాన్న కూతురు రాయగడలో ఉద్యోగం చేస్తూ ఇదే దారిలో ఉంది. కిందటి ఆదివారం వీడియోలో ఆమె సర్టిఫికెట్లన్నీ మంచం మీద పక్కపక్కన పరచమని చెప్పి, ఒక్కొక్క అక్షరం పైకి చదివించాను. నాలుగు చోట్ల తేడా ఉంది. ఓఈటీ తేదీ ఇంకా తీసుకోవద్దని చెప్పాను.