జెండా మార్చాలి, మడతలు మాత్రం అవే ఉండాలి

హన్మకొండలో మాది చిన్న ఫ్లెక్సీ షాపు. ధర్మసాగర్ వైపు ఊరి నుంచి యువజన సంఘం కుర్రాళ్ళు ఇద్దరు ఫోన్‌లో ఒక ఫోటో పట్టుకొని వచ్చారు. చెరువు కట్ట మీద ఇనుప పోల్, దానికి వాళ్ళ పాత జెండా, ఎర్ర బట్ట మీద తెల్ల అక్షరాలు, గాలికి మంచిగా ఎగురుతోంది. "అన్నా, సంఘం జెండా మారింది, ఆకుపచ్చ మీద పసుపు గుర్తు. కొత్తది ఇంకా కుట్టించలేదు, ఫ్లెక్సీలో మాత్రం అదే ఎగరాలె" అన్నారు. గంట పని అనుకున్నా, రాత్రి పదకొండు దాటింది.

ఫోటోషాప్‌లో దీనికి అందరికీ తెలిసిన దారి Displace ఫిల్టర్. మడతల నలుపు తెలుపు బొమ్మను మ్యాప్‌గా ఇస్తే, దాన్ని చూసి కొత్త డిజైన్‌ను వంచుతుంది. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, మ్యాప్‌లో నడిమి బూడిద 128 ఉన్నచోట ఏమీ కదలదు, అంతకంటే నల్లగా ఉంటే ఒకవైపు, తెల్లగా ఉంటే ఎదురువైపు జరుపుతుంది. నేను ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి ఇచ్చేశా. వచ్చింది చూస్తే నవ్వొచ్చింది, కొత్త గుర్తు మీద పాత సంఘం పేరు దయ్యంలా ఉబ్బి కనిపిస్తోంది. పాపం ఫిల్టర్‌కు ఏం తెలుసు, తెల్ల అక్షరాలను కూడా మడతే అనుకుంది.

అక్షరాలను క్లోన్ చేసి చెరిపేద్దామని కూర్చుంటే వాటితోపాటు మడతలూ పోతున్నాయి. అప్పుడు ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా చూపే ఛానల్స్ తెరిచి ఒక్కొక్కటి చూశా. నీలం ఛానల్‌లో బట్ట నల్లగా, అక్షరాలు తెల్లగా కొట్టొచ్చినట్టు ఉన్నాయి. ఎరుపు ఛానల్ నొక్కగానే అక్షరాలు దాదాపు మాయం! ఆలోచిస్తే సంగతి తేలికే, ఎరుపులోనూ తెలుపులోనూ ఎరుపు వెలుగు నిండుగానే ఉంటుంది కాబట్టి ఆ ఛానల్‌కు రెండూ ఒకటే, మిగిలేది మడతల నీడ మాత్రమే. నీలం బట్ట మీద తెల్ల అక్షరాలుంటే నీలం ఛానల్ చూడాలి. నల్ల అక్షరాలైతే ఈ ఉపాయం పనిచేయదు, నలుపు అన్ని ఛానల్స్‌లోనూ నలుపే.

కొంచెం జాడ మాత్రం మిగిలింది. బట్ట 210 దగ్గరుంటే అక్షరాలు 240 దగ్గరున్నాయి. నీలం ఛానల్ నుంచే అక్షరాల సెలెక్షన్ తీసుకొని, ఎరుపు ఛానల్ కాపీ మీద, నలుపు తెలుపులు సర్దే Levels లో కింది తెల్ల స్లైడర్‌ను 223కి దించితే రెండూ కలిసిపోయాయి.

ఆ బూడిద బొమ్మను రెండు కాపీలు చేశా. మ్యాప్ కోసం తీసిన కాపీకి Gaussian Blur 4 పిక్సెల్స్ పెట్టా, లేకపోతే బట్ట నేత వల్ల గుర్తు అంచులు రంపంలా అవుతాయి. Levels తో సగటును 128కి తెచ్చి, ఫోటో సైజులోనే వేరే PSD గా సేవ్ చేశా. సగటు తేకపోతే జెండా మొత్తం పక్కకు జరిగిపోతుంది. కొత్త డిజైన్‌ను Warp తో జెండా ఆకారానికి లాగి, సెలెక్షన్ తీసేసి, Filter > Distort > Displace నడిపా. ఎంత జరపాలో చెప్పే స్కేల్ 25 పెడితే గుర్తు చింపేసినట్టయింది, 8 దగ్గర సరిగ్గా కూర్చుంది. జెండా ఫోటోలో 1100 పిక్సెల్స్ వెడల్పు ఉంది, దానికి ఇంతే చాలు.

రెండో కాపీకి బ్లర్ వద్దు. దాన్ని కొత్త జెండా పైన Multiply బ్లెండ్ మోడ్‌లో పెడితే నీడలు వచ్చాయి, కానీ ఎండ పడ్డ మడతల శిఖరాలు చచ్చిపోయాయి, Multiply నల్లబరుస్తుందే తప్ప వెలిగించదు. అదే కాపీని మళ్ళీ వేసి, Levels తో నీడలన్నీ నల్లగా తొక్కేసి, వెలిగించే Screen మోడ్‌లో 30 శాతం పెడితే బట్టకు ప్రాణమొచ్చింది.

అయినా ఏదో తేడా. చాలాసేపు చూస్తే దొరికింది. పోల్ పక్కన బట్ట ఒకచోట తన మీద తానే పడి మడిచుకుంది, అక్కడ గుర్తులో కొంత భాగం దాగిపోవాలి, నాది మాత్రం రబ్బరు మీద అచ్చేసినట్టు మొత్తం కనిపిస్తోంది. Displace సాగదీస్తుంది, జరుపుతుంది, దాచడం దానికి రాదు. ఆ మడత గీత వెంట డిజైన్‌ను కోసి, లోపలి ముక్కను ఒక 25 పిక్సెల్స్ కిందికి తోసి, గీత దగ్గర సన్నటి నీడ గీశా. ఈ ఒక్క పనికే ముప్పావు గంట పట్టింది, చూసేవాళ్ళ కన్ను నమ్మేది కూడా దీన్నే అనిపిస్తుంది నాకు.

పొద్దున కుర్రాళ్ళకు చూపిస్తే ఒకడు దగ్గరికొచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "అన్నా, పోల్ ఎందుకు ఎర్రగుంది?" నిజమే, పాత జెండా రంగు వెండి పెయింట్ మీద పడి అలాగే మిగిలింది. అక్కడ రంగు తీసేసి, కాస్త ఆకుపచ్చ అద్ది ప్రింట్‌కు పంపా.