మణికట్టు ఎక్స్‌రేలో తెల్ల గీత

బుధవారం, నల్లగొండ

దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చే రెండున్నరేళ్ల పాపకు రికెట్స్, విటమిన్ డి తగ్గి ఎముకలు మెత్తబడే జబ్బు. ఇవాళ మళ్లీ మణికట్టు ఎక్స్‌రే తీయించాను. నాలుగు వారాల కిందటి ఫిల్ములో ముంజేతి ఎముక చివర సాసర్‌లా గుంటపడి, అరిగిన చీపురు కుచ్చులా చీలికలుగా ఉంది. ఇవాళ ఆ చివర సన్నగా ఒక తెల్ల గీత కనిపించింది. కొత్త ఎముకలో సున్నం చేరుతోందన్నమాట. ఆ ఫిల్మును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మొదటిసారి నానమ్మ ఎత్తుకొచ్చింది. "ఫ్లోరైడ్ నీళ్ల రోగమే కదా సారూ, మా వాడకట్టుల ఎంతమందికి కాళ్లు గిట్లనే వంకరపోయినయ్" అంది. మా జిల్లాలో ఆ అనుమానం రావడం సహజమే. కానీ ఫ్లోరోసిస్‌లో సాధారణంగా ఎముక చిక్కబడి ఎక్స్‌రేలో మరీ తెల్లగా కనిపిస్తుంది. ఈ పాప ఎముకలు పలచగా ఉన్నాయి, మణికట్లు ఉబ్బి రెండేసి కీళ్లున్నట్టున్నాయి.

అంతకుముందు ఎవరో కాల్షియం పరీక్ష చేయించి, 8.8 ఉందని, అంతా బాగుందని పంపేశారట. నాకు బాధేసింది అక్కడే. విటమిన్ డి తగ్గి పేగుల నుంచి కాల్షియం అందకపోతే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకను కరిగించి మరీ రక్తంలో లెక్క నిలబెడుతుంది. అదే హార్మోన్ ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి తోసేస్తుంది. అందుకే ఫాస్ఫరస్ చూడాలి, ఈ జబ్బులో రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చూడాలి. పాపకు ఫాస్ఫరస్ 2.6 ఉంది, ఆ వయసుకు 4 పైనే ఉండాలి. ఫాస్ఫటేజ్ 1,400 దాటింది. విటమిన్ డి 9.

బర్రెను అమ్మేశాక ఆ ఇంట్లో పాలు లేవు. పాపకు తల్లిపాలు, చారు అన్నమే తిండి. ఎండ దెబ్బ తగులుతుందని పగలంతా లోపలే ఉంచేవారు. రోజుకు 3,000 యూనిట్ల విటమిన్ డి చుక్కలు, దాంతోపాటు 500 మిల్లీగ్రాముల కాల్షియం రాశాను. మూడు నెలలు తప్పకుండా వాడాలి. ఒక్క విటమిన్ డి ఇచ్చి ఊరుకుంటే, ఆకలి మీదున్న ఎముక కాల్షియాన్నంతా లాగేసుకుని రక్తంలో కాల్షియం పడిపోవచ్చు, పిల్లకు ఫిట్స్ కూడా రావచ్చు. 60,000 యూనిట్ల సాచెట్ రాయలేదు. వారానికొకటి అంటే రోజుకొకటి తాగించిన ఇళ్లు నాకు తెలుసు.

ఫాస్ఫటేజ్ ఇంకా 1,100 ఉంది. అది దిగడానికి నెలలు పడుతుంది, కంగారు లేదు. ఈ గీత రాకపోయి ఉంటే మాత్రం మందు సరిగా వేశారా అని అడిగి, తర్వాత కిడ్నీ జబ్బో, పుట్టుకతో ఫాస్ఫేట్ పోయే జబ్బో వెతకాల్సి వచ్చేది. రాగి జావ రోజూ పట్టమన్నాను.

వెళ్లేటప్పుడు తల్లి బెంచీ మీంచి రెండు తొడల మీద చేతులూని లేచింది. "నడుము, తొడలు ఏడాది సంది గుంజుతున్నయి సార్, నొప్పి గోళీలు ఏసుకుంటున్న" అంది. ఆమె ఇంకా పాలిస్తోంది. ఆమెకూ ఫాస్ఫరస్, ఫాస్ఫటేజ్, విటమిన్ డి పరీక్షలు, తుంటి ఎక్స్‌రే రాశాను. పెద్దవాళ్లలో ఇదే లోపంతో ఎముక మెత్తబడితే తొడ ఎముక మెడ లోపలి అంచున అడ్డంగా సన్నటి చీలిక రావచ్చు, అది ఉందేమో రేపు చూడాలి.