38 నుంచి 34 వరకు

రాత్రి పదకొండు దాటింది. మంచం తలవైపు కోళ్ల కింద పెట్టిన రెండు ఇటుకల పుణ్యమా అని కాస్త ఏటవాలుగా ఒరిగి బాపు నిద్రపోయాడు, నాకు మాత్రం నిద్ర రావడం లేదు. సాయంత్రం హన్మకొండ వెళ్లి బాపు అన్నవాహిక బయాప్సీ రిపోర్టు తెచ్చి, అన్నం ముందు చదివి వినిపించి, మూడేళ్ల తరువాత మళ్లీ ఎండోస్కోపీ చేయించాలని డాక్టరు చెప్పారని అన్నాను. ముద్ద కలుపుతూనే బాపు ఒక్క మాట అన్నాడు: "మంట లేదు గద బిడ్డా, మల్ల గొట్టం ఎందుకు?" అవ్వ కూడా తలూపింది. ఆ మాటకు అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇల్లు ఇన్నేళ్లుగా మోసపోయింది సరిగ్గా ఆ మాట దగ్గరేనని అనిపిస్తున్నది.

బాపు ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం గుమాస్తాగా చేసిన రోజులు నాకు బాగా గుర్తు. మిరప సీజనులో ఆయన ఇంటికి వస్తున్నాడంటే ముందుగా అంగీ వాసన వచ్చేది, దాని వెనుక మా తుమ్ములు వచ్చేవి. బస్తాల లెక్కలు తేలేసరికి రాత్రి పది, తిని వెంటనే పండుకోవడం అలవాటు, పడుకున్న గంటకు లేచి కూర్చోవడమూ అలవాటే. చీకట్లో స్టీలు గ్లాసులో చెంచా తిప్పే చప్పుడు వినిపించేది. వంట సోడా నీళ్లలో బుసబుస పొంగేది, బాపు గటగటా తాగి పెద్ద తేన్పు తీసి, "మిర్చి ఘాటు లోపలికి పోయింది" అనేవాడు. మేమంతా నమ్మాము. నిజానికి ఆయన బాధ పొడి వల్ల కాదు. కడుపులోని ఆమ్లం రాత్రిపూట పైకి ఎగదన్నుతుండేది. దానికి ఆలస్యపు తిండి తోడైంది, నడుము చుట్టూ పెరిగిన పొట్ట తోడైంది, రోజుకు కట్టెడు బీడీలు తోడయ్యాయి. సోడా ఆ క్షణపు ఆమ్లాన్ని విరిచేదే గాని ఎగదన్నడాన్ని ఆపేది కాదు. అట్లా దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. తరువాత ఒక ఎండాకాలం నుంచి మంట దానంతట అదే తగ్గుతూ వచ్చింది. గ్లాసు చప్పుడు వినిపించని రాత్రి ఎంత హాయిగా ఉండేదో! పని మానేసినందుకు ఆరోగ్యం కుదుటపడిందని అవ్వ కొమ్మాల జాతరలో మొక్కు కూడా తీర్చుకున్నది.

ఆ తగ్గుదల వెనుక ఏముండవచ్చో పది రోజుల కిందట ఎండోస్కోపీ గదిలో తెర మీద చూశాను. మన అన్నవాహిక లోపలి పొర మామూలుగా ముత్యపు ఛాయలో పాలిపోయినట్లుంటుంది. అది అంతస్తులుగా పేర్చిన పలచని కణాల పొర, తిండి రాపిడికి తట్టుకుంటుంది గాని ఆమ్లానికి తట్టుకోదు. ఏళ్ల తరబడి ఆమ్లమూ పైత్యరసమూ తగులుతూ ఉంటే కొందరిలో ఆ పొర కాలిపోయి, మానేటప్పుడు పాత రకం పొర రాకుండా, పేగు గోడలో ఉండే నిలువు కణాల వంటి పొర వస్తుంది. జిగురు స్రవించే గోబ్లెట్ కణాలు అందులో కనిపిస్తాయి. ఆమ్లాన్ని ఈ కొత్త పొర పాతదానికంటే బాగా ఓర్చుకుంటుంది, అందుకే చాలామందికి మంట తెలియడం తగ్గుతుంది. బాపు విషయంలో మంట పోవడం జబ్బు నయమైనందుకు కాకపోవచ్చు, మంటను గుర్తుపట్టే గోడే మారిపోయినందుకు కావచ్చు. దీన్ని బారెట్స్ అన్నవాహిక అంటారు. 1950లో దీని గురించి రాసిన నార్మన్ బారెట్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు, అది పొట్టే ఛాతీలోకి సాగి వచ్చిన భాగమని వాదించి, 1957 నాటికి అది అన్నవాహికేనని తానే ఒప్పుకున్నాడు. తన పేరు పెట్టిన జబ్బును తానే మొదట తప్పుగా చదివిన మనిషి అన్నమాట, నాకెందుకో ఆ సంగతి నచ్చింది.

ఆ రోజు డాక్టరు చేసిన పని వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే నా అసలు కోపం దీనితోనే ముడిపడి ఉన్నది. పరగడుపున వెళ్లాము. గొంతులో తిమ్మిరెక్కించే మందు కొట్టి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు పెట్టి గొట్టం దించారు. గొట్టం మీద సెంటీమీటర్ల గీతలు ఉంటాయి, దూరాన్ని ముందు పళ్ల నుంచి లెక్కిస్తారు. పొట్ట లోపలి మడతలు ఎక్కడ మొదలవుతున్నాయో చూసి 38 అన్నారు, అంటే అన్నవాహిక అక్కడ ముగిసిందన్నమాట. మామూలుగా రంగు మారే గీత కూడా దాదాపు అక్కడే ఉండాలి. బాపుకు మాత్రం లేత ఎరుపు పొర చుట్టూతా 36 వరకు ఎక్కింది, ఒకవైపు మంట నాలుకలాగా 34 వరకు పాకింది. చుట్టూతా 2, అత్యధికంగా 4. దీన్నే ప్రాగ్ కొలత ప్రకారం C2M4 అని రాశారు. తరువాత ఆ ఎర్ర భాగంలో గడ్డలు, పుండ్లు, గుంటలు ఉన్నాయా అని తీరికగా కడిగి చూసి, ప్రతి రెండు సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచీ గింజంత ముక్కలు తీశారు. 38 దగ్గర నాలుగు, 36 దగ్గర నాలుగు, 34 దగ్గర నాలుక సన్నగా ఉన్నందున రెండే. ఏ ఎత్తు ముక్కలు ఆ సీసాలో వేసి, సీసా మీద అంకె రాశారు. ముక్క తీసినప్పుడు నొప్పి ఉండదట. బాపును అడిగితే గొట్టం తప్ప ఏమీ తెలియలేదన్నాడు.

ఇక నా కోపం సంగతి. నాలుగేళ్ల కిందట పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తున్నాయని వేరొక చోట ఇదే పరీక్ష చేయించాము, ఆ పేరు ఇక్కడ రాయను. ఆ రిపోర్టు ఇప్పుడు నా ముందున్నది. "అన్నవాహిక కింది భాగంలో వాపు, పుండ్లు, బారెట్స్ అనుమానం" అని ఒక్క వరుస రాశారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న కొలత లేదు. ఉన్న ఒక్క ఫోటో పొట్టదో, అన్నవాహికదో కూడా తెలియదు. తీసిన మూడు ముక్కలనూ ఒకే సీసాలో వేశారు. పాథాలజీ డాక్టరు పాపం నిజాయితీగానే, వాపు ఎక్కువగా ఉన్నందున కణాల మార్పు గురించి తేల్చలేమని రాశారు. వాపు ఉన్న కణాలు చెడిపోతున్న కణాలలాగానే కనిపించి భ్రమ పెడతాయి, పైగా పుండ్ల కింద ఎర్ర పొర దాక్కుంటుంది. అందుకే ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు రెండు మూడు నెలలు వాడించి, పుండ్లు మానిన తరువాత మళ్లీ చూడాలి. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. నెలకు సరిపడా పాంటాప్రజోల్ గోలీలు రాసి పంపించారు, బాపు వాటిని కూడా భోజనానికి అరగంట ముందు కాక, తిన్నాక వక్కపలుకు వేసుకున్నట్టు వేసుకున్నాడు. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్లు ఉన్నదని తెలిసింది, అయితే అప్పుడు ఎంత ఉండేదో తెలియదు. పెరిగిందా, మొదటి నుంచీ ఇంతేనా అని డాక్టరును అడిగితే, పోల్చడానికి అంకె లేదు కదా అన్నారు. నాలుగేళ్లు గడిచాయి, చేతిలో ఒక్క అంకె కూడా లేదు. మన పొలం గట్టు జానెడు జరిగితే సర్వేయరును పిలిచి గొలుసు వేయించే మనం, ఈ గట్టు దగ్గర ఎందుకు ఊరుకున్నామో అర్థం కాదు. తప్పు వాళ్లదే అని ఇప్పటిదాకా రాశాను గాని, రిపోర్టులో "తేల్చలేము" అని ఉన్నది చదివి, మంట లేదు కదా అని బీరువాలో పెట్టింది నేనే.

ఈరోజు వచ్చిన రిపోర్టులో గోబ్లెట్ కణాలు ఉన్నాయి, డిస్ప్లేసియా లేదు. డిస్ప్లేసియా అంటే కణాలు క్యాన్సర్ దారి పట్టే తొలి మెట్లు. అవి కంటికి స్పష్టంగా కనిపించకపోవచ్చు, అక్కడక్కడ మచ్చలుగా ఉంటాయి, అందుకే అన్ని వైపుల నుంచీ ముక్కలు తీయడం. ఒకవేళ కనిపిస్తే, రెండో పాథాలజీ డాక్టరు కూడా చూసి నిర్ధారించిన తరువాత, గొట్టం ద్వారానే ఉబ్బిన చోటును కోసి తీయడమో, ఎర్ర పొరను వేడితో మాడ్చడమో చేయవచ్చు, ఛాతీ తెరవనక్కరలేదు. అదే ముద్ద దిగడం కష్టమయ్యేదాకా ఆగితే సాధారణంగా గడ్డ బాగా ముదిరిపోయి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఏళ్లు పట్టవచ్చు, ఆ ఏళ్లలో ఏ నొప్పీ చెప్పదు. బాపు ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబు ఇదే, అన్నం ముందు నోటికి రాలేదు.

అయితే మూడేళ్లెందుకు, ఏటా చేయిస్తానని పట్టుబట్టిందీ నేనే. డాక్టరు ఒప్పుకోలేదు. డిస్ప్లేసియా లేని వారిలో ఏడాదికి వెయ్యి మందిలో ఐదుగురికంటే తక్కువ మందికే ఇది క్యాన్సర్‌గా మారుతుందని, పొర మూడు సెంటీమీటర్ల లోపు ఉంటే ఐదేళ్లకు, అంతకు మించితే మూడేళ్లకు చూస్తే చాలునని అన్నారు. బ్రిటన్‌లో రెండేళ్లకోసారి ఎండోస్కోపీ చేసిన వారినీ, అవసరమైతేనే చేసిన వారినీ పదేళ్లకు పైగా గమనిస్తే, మొత్తం మరణాలలో తేడా కనిపించలేదని కూడా దాచకుండా చెప్పారు. అవసరమైతేనే అన్న గుంపులోనూ చాలామందికి ఏదో ఒక కారణంతో ఎండోస్కోపీ జరిగిందట, కాబట్టి ఆ లెక్క అంత సూటిది కాదు. ఇది విన్నాక బాపు ప్రశ్న తెలివితక్కువది కాదని ఒప్పుకోవలసి వచ్చింది. ఎక్కువ మందికి ఈ గొట్టం ఏమీ కనిపెట్టదు, ఏ కొద్దిమందికి కనిపెడుతుందో ముందుగా తెలియదు. మాత్రలు పుండ్లను మానుస్తాయి గాని ఎర్ర పొరను పూర్తిగా వెనక్కి తీసుకురావు, కాబట్టి అవి మింగుతున్నాము కదా అని కొలవడం మానేయలేము. బాపు వయసు 66, గుండె బాగున్నది, తేడా కనిపిస్తే వైద్యానికి తట్టుకునే ఒళ్లు. ఎనభై దాటాక ఇదే పరీక్షకు తీసుకెళ్తానని చెప్పలేను. మధ్యలో ముద్ద అడ్డం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నల్లటి విరేచనం అయినా మూడేళ్ల లెక్క చూడకుండా వెంటనే వెళ్లాలి.

బాపు ఇవాళ ఏడింటికే తిని, మూడు గంటలు మెలకువగా కూర్చున్నాడు, బీడీ అడగలేదు. పాత రిపోర్టునూ కొత్తదానినీ ఒకే ఫైలులో పెట్టి, అట్ట మీద స్కెచ్ పెన్నుతో "38, 36, 34" అని రాసి, కింద మూడేళ్ల తరువాతి నెల వేశాను. పండుకోబోతూ బాపు దాన్ని చూసి, "అప్పటికి గూడ మంట లేకపోతే?" అన్నాడు. లేకపోయినా పోదామన్నాను. గొణుక్కుంటూ ఇటుకలు సరిచేసుకున్నాడు.